లాటరీ మెయిల్ నిజమో కాదో తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మాది ఖమ్మం. డిగ్రీ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్నాను. పది రోజుల క్రితం బ్రిటన్ నేషనల్ లాటరీ నుంచి అంటూ ఒక మెయిల్ వచ్చింది. నా ఈమెయిల్ ఐడీకి 5 లక్షల పౌండ్లు తగిలాయట. వాళ్లు పంపిన ఫారం నింపి, ఆధార్, పాన్ ఫొటోలు, బ్యాంకు అకౌంట్ నంబరు పంపాను. ఇప్పుడు రిజర్వ్ బ్యాంక్ క్లియరెన్స్ కోసమని 18,500 రూపాయలు కట్టమంటున్నారు. డబ్బు చేతికి వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దన్నారు. నా ఫ్రెండ్ ఫేక్ అంటున్నాడు కానీ సర్టిఫికెట్ చూస్తే నిజంలాగే ఉంది. ఇది నిజమో కాదో నేనే చెక్ చేసుకోవడం ఎలా? నాన్నకు తెలిస్తే ఏమంటారోనని టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

ఆ 18,500 రూపాయలు కట్టకండి. వాళ్ల ఫోన్ వస్తే ఎత్తకండి. అది మోసం మెయిలే, ఇందులో నాకు అనుమానం లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే నిరుడు మా ఇంట్లో జరిగిన సంగతి చెప్పాలి.

మా తమ్ముడి కొడుకు గుంటూరులో ఇంజినీరింగ్ చివరి ఏడాది చదువుతున్నాడు. ఒక శనివారం సాయంత్రం చెప్పాపెట్టకుండా ల్యాప్‌టాప్ సంచీ తగిలించుకుని మా ఇంటికి వచ్చాడు. కాఫీ ఇస్తే తాగకుండా గ్లాసు అలాగే పట్టుకుని కూర్చున్నాడు. "అత్తా, నాన్నకి చెప్పనంటే ఒక విషయం చెబుతా" అన్నాడు. నేను ఇరవై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం విదేశీ మారకం సెక్షన్‌లోనే ఉన్నాను. అందుకే వాడు నా దగ్గరకు వచ్చాడు. మీకు వచ్చినలాంటి మెయిలే వాడికీ వచ్చింది. ఫీజు మాత్రం 22,000 అడిగారు. స్నేహితుల దగ్గర చేబదులు తీసుకుని ఆ డబ్బు అప్పటికే అకౌంట్లో పెట్టుకున్నాడు. సోమవారం పొద్దున పంపాలి.

"మోసమేమోనని నేనూ చెక్ చేశానత్తా. గూగుల్‌లో కొట్టి చూశాను. ఆ లాటరీ నిజంగానే ఉంది, దానికి వెబ్‌సైట్ కూడా ఉంది" అన్నాడు.

చాలామంది చెక్ చేయడం అక్కడితో ఆగిపోతుంది. బ్రిటన్‌లో నేషనల్ లాటరీ 1994 నుంచి ఉంది. రిజర్వ్ బ్యాంక్ ఉంది. మోసగాళ్లు ఆ పేర్లు ఎంచుకునేదే వెతికితే దొరుకుతాయని. ఆ సంస్థ ఉందని తేలినంత మాత్రాన ఈ మెయిల్ వాళ్లు పంపిందని కాదు. ఎవరో మా ఇంటికొచ్చి కలెక్టరాఫీసు నుంచి వచ్చానంటే, కలెక్టరాఫీసు ఊళ్లో ఉందో లేదో చూసి తలుపు తీస్తానా? వచ్చినవాడు ఎవరో కదా చూడాలి.

అందుకని ఆ రాత్రి అన్నం తిన్నాక బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఇద్దరం మొదటి నుంచీ మొదలుపెట్టాం.

ముందు ఆ లాటరీ రూల్స్ చూశాం. మెయిల్లో ఉన్న లింకు ముట్టుకోవద్దన్నాను. కొత్త విండో తెరిచి `www.national-lottery.co.uk` అని చేత్తో టైప్ చేయించాను. మెయిల్లోని లింకు నొక్కితే మనల్ని తీసుకెళ్లేది మోసగాడు కట్టిన ఇంటికే. అక్కడ గోడల మీద వాడు రాసిందే కనిపిస్తుంది. అసలు సైటులో రూల్స్ మావాడే చదివాడు. ఆటలో దిగాలంటే టికెట్ కొనాలి, 18 ఏళ్లు నిండి ఉండాలి. ఆన్‌లైన్‌లో కొనాలంటే ఆ సమయానికి బ్రిటన్‌లో గానీ, పక్కనే ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్‌లో గానీ మనిషి ఉండాలి, అక్కడి బ్యాంకు అకౌంట్ ఉండాలి. ఈమెయిల్ ఐడీల మీద డ్రా తీసే ఆట అందులో ఎక్కడా లేదు. టికెట్ లేనివాడికి బహుమతి రావడానికి అసలు దారే లేదు.

"మరి కంప్యూటర్ బ్యాలెట్ అన్నారు కదత్తా, టికెట్ కొననక్కర్లేదని రాశారు" అన్నాడు. ఆ వాక్యం మెయిల్లో ఎందుకుందో ఆలోచించమన్నాను. టికెట్ కొనలేదన్న అనుమానం ఎవరికైనా మొదట వచ్చేదే కాబట్టి దానికి జవాబు ముందే రాసిపెట్టుకున్నారు.

తర్వాత సర్టిఫికెట్ తెరిచాం. బంగారు అంచు, రెండు ముద్రలు, కింద సంతకం. సంతకం కింద కేమ్‌లాట్ సంస్థ మేనేజర్ అని ఉంది. నేషనల్ లాటరీని మొదటి నుంచీ నడిపింది కేమ్‌లాటే. కానీ 2024 ఫిబ్రవరి 1 నుంచి ఆ పని ఆల్విన్ అనే సంస్థ చేతికి వెళ్లిపోయింది. మావాడికి మెయిల్ వచ్చేటప్పటికి కేమ్‌లాట్ లాటరీ నడపడమే లేదు. ఎప్పుడో చేసిపెట్టుకున్న నమూనాలో తేదీ మార్చి పంపేశారు. మీ సర్టిఫికెట్లో ఇలాంటి పొరపాటు దొరక్కపోవచ్చు. సరిగ్గా ఉన్నా అది దేనికీ రుజువు కాదు. ముద్రలు, సంతకాలు, ఐడీ కార్డులు కంప్యూటర్ తెలిసినవాడు పది నిమిషాల్లో చేసేస్తాడు. ఇంగ్లిష్‌లో తప్పులుంటే మోసం అని ఒకప్పుడు చెప్పేవాళ్లు. ఇప్పుడు తప్పుల్లేకుండా కూడా రాస్తున్నారు, ఆ గుర్తును నమ్ముకోకండి.

నా లెక్కలో అన్నిటికంటే గట్టి పరీక్ష వేరే ఉంది. డబ్బు ఏ వైపు నుంచి ఏ వైపుకు వెళుతోందో చూడటం. నేను ఏళ్ల తరబడి కౌంటర్లో కూర్చుని చూసిన పని కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెబుతాను.

విదేశం నుంచి మీకు నిజంగా డబ్బు వస్తే ఏం జరుగుతుంది? అమెరికాలో ఉన్న కొడుకు అమ్మకు పంపినా, కంపెనీ జీతం పంపినా, పంపేవాళ్ల బ్యాంకు నుంచి మీ బ్యాంకుకు, దేశదేశాల బ్యాంకులు సమాచారం పంపుకునే స్విఫ్ట్ వ్యవస్థ ద్వారా కబురు వస్తుంది. అవసరమైతే మీ బ్రాంచివాళ్లు మిమ్మల్ని పిలిచి ఈ డబ్బు దేని కింద వచ్చిందని అడుగుతారు. కాగితం మీద సంతకం తీసుకుంటారు. బ్యాంకు చార్జీలుంటే, పౌండ్లను రూపాయలుగా మార్చినందుకు జీఎస్టీ ఉంటే, వచ్చిన డబ్బులోంచే తగ్గించుకుని మిగతాది అకౌంట్లో వేస్తారు. డబ్బు అందుకునేవాడు ముందుగా వేరే అకౌంట్‌కు ఫీజు పంపితేనే విడుదల చేసే పద్ధతి నా సర్వీసు మొత్తంలో ఒక్కసారి కూడా చూడలేదు. రిజర్వ్ బ్యాంక్ అయితే మీలాంటి, నాలాంటి వాళ్లకు సేవింగ్స్ అకౌంట్ లాంటివి తెరవదు, మన పేరు మీద డబ్బు పట్టుకుని కూర్చోదు, లాటరీ డబ్బు క్లియర్ చేస్తామని మెయిల్ పంపదు. ఈ మాట రిజర్వ్ బ్యాంకే ఎన్నోసార్లు ప్రకటనలిచ్చి చెప్పింది.

మావాడు ఇంకో కాగితం చూపించాడు. అందులో 22,000ను విడగొట్టి రాశారు. బ్రిటన్ ఆదాయపు పన్ను 9,500, రిజర్వ్ బ్యాంక్ క్లియరెన్స్ 8,000, కొరియర్ 4,500. బ్రిటన్‌లో లాటరీ బహుమతి మీద ఆదాయపు పన్ను లేదు. మొదటి పద్దే పుట్టించింది. మన దేశంలో లాటరీ డబ్బుకు 30 శాతం పన్ను ఉన్న మాట నిజం. కానీ నగదు బహుమతి అయితే ఇచ్చేవాళ్లే ఆ పన్ను కోసుకుని మిగతాది ఇస్తారు. కోటి రూపాయలు తగిలినవాడు ముందు 30 లక్షలు తెచ్చి కట్టే పని ఉండదు.

ఇక్కడ ఒక మినహాయింపు ఉంది, తెలిసి ఉంటే మంచిది. బహుమతి నగదు కాకుండా కారో బైకో అయితే అందులోంచి పన్ను కోయడం కుదరదు కాబట్టి, బండి ఇచ్చేముందు పన్ను కట్టారని చూసుకోవలసిన బాధ్యత ఇచ్చేవాళ్ల మీద ఉంటుంది. "మీకు కారు తగిలింది, పన్ను కట్టండి" అనే మోసాలు ఈ రూల్‌ను అడ్డుపెట్టుకునే నడుస్తాయి. అలాంటప్పుడు కూడా పన్ను వెళ్లేది ప్రభుత్వానికి, చలానా మీద, పాన్ నంబరుతో. ఎవరిదో సేవింగ్స్ అకౌంట్‌లోకో, యూపీఐ ఐడీకో వెళ్లదు.

"డబ్బు ఏ అకౌంట్‌కి పంపమన్నారు?" అని అడిగాను. చూపించాడు. మన దేశంలోనే, ఉత్తరాదిలో ఏదో ఊళ్లో, ఒక వ్యక్తి పేరు మీద ఉన్న సేవింగ్స్ అకౌంట్. లాటరీ బ్రిటన్‌ది, క్లియరెన్స్ రిజర్వ్ బ్యాంక్‌ది, డబ్బు వెళ్లేది మాత్రం మనకు ముక్కూ మొహం తెలియని మనిషికి. ఎందుకలా ఉంటుందో కూడా చెప్పాను. లాటరీ టికెట్ కోసం విదేశానికి డబ్బు పంపడం, విదేశీ మారకానికి సంబంధించిన ఫెమా చట్టం కింద 2000లో వచ్చిన నియమాల ప్రకారం నిషేధం. బహుమతి సొమ్ము దక్కించుకోవడానికని పంపడానికీ ఆ నిషేధం వర్తిస్తుందని రిజర్వ్ బ్యాంక్ 2010 మే నెలలో బ్యాంకులన్నిటికీ సర్క్యులర్ ఇచ్చింది. కౌంటర్‌కు వచ్చి లాటరీ ఫీజు లండన్ పంపాలంటే ఏ బ్యాంకూ పంపదు. కాబట్టి మోసగాళ్లు ఇక్కడి అకౌంట్లే వాడతారు. కమీషన్ ఆశపెట్టి ఎవరిదో అకౌంట్ తీసుకుంటారు. వాటినే మ్యూల్ అకౌంట్లు అంటున్నారు. మీ డబ్బు అందులో పడగానే అక్కడి నుంచి ఇంకో అకౌంట్‌కు, ఇంకో అకౌంట్‌కు మారి, చివరికి ఏదో ఏటీఎంలో నగదుగా బయటికి వెళ్లిపోతుంది.

ఆ రాత్రి మావాడి మనసు మారింది ఈ మాటలన్నిటితో కాదు, వాడే అంతకుముందు పంపిన ఒక మెయిల్‌కు వచ్చిన జవాబుతో. "నా దగ్గర డబ్బు లేదు, ఆ 22,000 బహుమతిలోంచే తగ్గించుకుని మిగతాది పంపండి" అని రాశాడట. "బహుమతి సొమ్ము మొత్తానికి బీమా బాండ్ ఉంది, మీ చేతికి అందేదాకా అందులోంచి ఒక్క పౌండ్ కూడా తీయడానికి నిబంధనలు ఒప్పుకోవు" అని జవాబు వచ్చింది. ఆ జవాబు మళ్లీ పైకి చదవమన్నాను. సగం చదివి ఆగిపోయాడు. అయిదు కోట్ల పైచిలుకు ఇచ్చేవాళ్లు 22,000 మినహాయించుకోలేరా అని వాడికే అనిపించింది. నాకు తెలిసి ఈ మోసం పట్టుబడే చోటు ఇదే. ఫీజును బహుమతిలోంచి కోసుకునే వీలు వాళ్లకు లేదు, ఎందుకంటే బహుమతే లేదు. అయితే ఒక మాట. పరీక్ష కోసమని మీరు ఇప్పుడు వాళ్లకు ఇలా రాయకండి. జవాబిచ్చిన ప్రతిసారీ ఈ ఐడీ వెనక మనిషి ఉన్నాడని, ఇంకా ఆశతో ఉన్నాడని వాళ్లకు తెలుస్తుంది.

చివర్లో మెయిల్‌నే పరీక్షించాం. చాలామంది దీంతోనే మొదలుపెడతారు, నేను కావాలనే ఆఖరికి ఉంచాను. కారణం ఇప్పుడే మీకు అర్థమవుతుంది.

జీమెయిల్‌ను కంప్యూటర్లో, బ్రౌజర్‌లో తెరవండి. మెయిల్ తెరిచాక కుడివైపు పైన నిలువుగా మూడు చుక్కలుంటాయి. అవి నొక్కితే వచ్చే వరుసలో `Show original` అని ఉంటుంది. అది నొక్కితే మెయిల్ వెనక ఉన్న రాతంతా కొత్త పేజీలో వస్తుంది. మావాడి మెయిల్లో పైభాగం ఇలా ఉంది. చిరునామాలు మాత్రం మార్చి రాస్తున్నాను.

```
From: "UK National Lottery" <uknl.claims77@example.com>
Reply-To: <barrister.claims@example.net>
To: undisclosed-recipients:;
```

మొదటి వరుసలో కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నది పేరు మాత్రమే. దాన్ని పంపేవాడు తన ఇష్టమొచ్చినట్టు పెట్టుకోవచ్చు. నేను నా మెయిల్‌కు రాష్ట్రపతి భవన్ అని పేరు పెట్టుకున్నా అడ్డుకునేవాడు లేడు. చూడవలసింది కోణపు గుర్తుల మధ్య ఉన్న చిరునామా. అందులోనూ `@` తర్వాత ఉన్న భాగం, దాన్నే డొమైన్ అంటారు. మావాడికి వచ్చిన మెయిల్లో అక్కడ ఉన్నది ఎవరైనా ఉచితంగా తెరుచుకునే మెయిల్ సర్వీసు పేరు. ఫోన్లో చూస్తే ఈ చిరునామా కనబడదు, పేరు ఒక్కటే పెద్దగా కనిపిస్తుంది. పేరు మీద వేలు పెట్టి నొక్కితే గానీ బయటపడదు.

రెండో వరుస `Reply-To`. మీరు రిప్లై నొక్కితే జవాబు వెళ్లేది అక్కడికి. పంపిన చిరునామా ఒకటి, జవాబు వెళ్లేది పూర్తిగా వేరే చోటికి. మామూలు కంపెనీలు కూడా కొన్నిసార్లు వేరే చిరునామా పెడతాయి కానీ అది తమ సొంత డొమైన్‌లోనే ఉంటుంది.

మూడో వరుస చూసి మావాడు చాలాసేపు మాట్లాడలేదు. `undisclosed-recipients` అంటే ఈ మెయిల్ ఎవరెవరికి వెళ్లిందో కనబడకుండా దాచారని. "మీ ఐడీ ఒక్కటే గెలిచింది" అని రాసిన మెయిల్లో చిరునామా వరుసలో వాడి ఐడీ లేదు. లోపల కూడా "ప్రియమైన విజేతా" అనే ఉంది తప్ప వాడి పేరు లేదు. ఒకటే మెయిల్ గంపగుత్తగా ఎందరికో వెళ్లింది. పేరు, ఊరు, ఫోన్ నంబరు వాళ్లకు తెలిసింది వీడు ఫారం నింపి పంపాకే.

ఇప్పుడు అసలు చిక్కు. అదే పేజీలో పైన ఒక పట్టిక ఉంటుంది. మెయిల్ ఏ డొమైన్ నుంచి వచ్చిందో చూసే మూడు తనిఖీల ఫలితం అందులో ఉంటుంది.

```
SPF:   PASS with IP 203.0.113.25
DKIM:  'PASS' with domain example.com
DMARC: 'PASS'
```

మూడింటికీ `PASS` అని ఉండేసరికి మావాడి మొహంలో మళ్లీ వెలుగు వచ్చింది. "చూశావా అత్తా, పాస్ అయింది!" అన్నాడు. ఇంజినీరింగ్ చదివే పిల్లవాడే పొరబడ్డాడంటే మిగతావాళ్ల సంగతి వేరే చెప్పాలా? ఆ `PASS` అంటే మెయిల్లో రాసింది నిజమని కాదు. ఏ డొమైన్ పేరుతో వచ్చిందో నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని, అంతే. ఉచిత మెయిల్ సర్వీసులో అకౌంట్ తెరిచి పంపితే అది ఆ సర్వీసు నుంచే వచ్చినట్టు లెక్క, కాబట్టి పాస్ అవుతుంది. ఉత్తరం ఏ పోస్టాఫీసులో పడిందో ముద్ర చెబుతుంది గానీ, లోపల రాసినవాడు అబద్ధమాడాడో లేదో చెప్పదు కదా. కాబట్టి `PASS` పక్కన ఏ డొమైన్ పేరు ఉందో చదవాలి. అది `national-lottery.co.uk` కాకపోతే ఆ పాస్‌తో మనకు పని లేదు. అక్కడ `FAIL` అని ఉంటే మాత్రం గట్టిగా అనుమానించాలి. ఎవరో వేరేవాళ్ల డొమైన్ పేరు దొంగిలించి పంపి ఉండొచ్చు.

లింకు విషయంలోనూ ఇదే చదువు పనికొస్తుంది. కంప్యూటర్లో మౌస్‌ను లింకు మీద నొక్కకుండా ఉంచితే కింద మూలలో అసలు చిరునామా కనిపిస్తుంది. ఫోన్లో అయితే వేలు కాసేపు నొక్కి ఉంచాలి. మావాడి మెయిల్లో లింకు ఈ తరహాలో ఉంది:

```
https://national-lottery.co.uk.example.com/claim
```

మొదట్లో ఉన్న పేరు చూసి అసలుదే అనుకుంటాం. చదవవలసింది కుడివైపు నుంచి. `https://` తర్వాత వచ్చే మొదటి `/` గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదివితే యజమాని ఎవరో తెలుస్తుంది. ఇక్కడ ఆ సైటు `example.com` వాళ్లది. దాని ముందు ఎన్ని పేర్లయినా వాళ్లు అతికించుకోవచ్చు. రిజర్వ్ బ్యాంక్ పేరుతో వచ్చే లింకులకూ ఇదే పద్ధతి. దాని అసలు సైటు `rbi.org.in`, ఆ పేరు గీతకు ఆనుకుని ఉండాలి.

ఇవన్నీ చూశాక కూడా మెయిల్ పంపిన మనిషి ఎవరో, ఎక్కడున్నాడో మనకు తెలియదు. ఉచిత సర్వీసుల నుంచి వచ్చే మెయిళ్లలో సాధారణంగా కనిపించేది ఆ సర్వీసు సర్వర్ల నంబరే గానీ పంపినవాడి ఇంటి ఇంటర్నెట్ నంబరు కాదు. మనంతట మనం వాడిని వెతకబోతే లాభం లేదు, అది పోలీసుల పని.

ఇక మీరు చేయవలసింది. మీరు డబ్బు కట్టలేదు, చాలా సంతోషం. కానీ ఆధార్, పాన్, అకౌంట్ నంబరు వాళ్ల చేతిలో ఉన్నాయి. అకౌంట్ నంబరు ఒక్కదానితో డబ్బు తీయలేరు. ఓటీపీ, యూపీఐ పిన్ చెప్పనంతవరకు ఆ భయం అక్కర్లేదు. నాకు ఎక్కువ భయం వేరే ఉంది. కొన్నాళ్లకు మీ అకౌంట్లో తెలియని డబ్బు పడొచ్చు, "పొరపాటున వచ్చింది, ఫలానా నంబరుకు పంపేయండి" అనో, "ఇది మీ బహుమతిలో మొదటి విడత, ఇందులోంచి ఫీజు కట్టండి" అనో ఫోన్ రావొచ్చు. పైసా కూడా ముందుకు పంపకండి. అది ఇంకో బాధితుడి డబ్బు అయి ఉంటుంది. మీరు పంపితే మీ అకౌంటే మ్యూల్ అకౌంట్ అవుతుంది. ఫ్రీజ్ చేస్తారు, పోలీసులు మిమ్మల్ని పిలుస్తారు. అలాంటి డబ్బు పడితే వెంటనే మీ బ్రాంచికి వెళ్లి రాతపూర్వకంగా చెప్పండి.

ఆధార్ బయోమెట్రిక్స్‌ను ఆధార్ సంస్థ సైటులోనో యాప్‌లోనో లాక్ చేసుకోండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో `sancharsaathi.gov.in`లో చూసుకోండి, మీది కానిది ఉంటే అక్కడే చెప్పొచ్చు. పాన్, ఆధార్ కాపీలతో ఎవరైనా మీ పేరు మీద యాప్ లోన్ తీసుకునే ప్రమాదం ఉంది కాబట్టి మీ పేరు మీదున్న అప్పుల వివరాలుండే క్రెడిట్ రిపోర్ట్ తెప్పించుకోండి. ఆ రిపోర్ట్ తయారుచేసే ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికి ఒక పూర్తి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలి. ఇప్పుడొకసారి, రెండు మూడు నెలల తర్వాత ఇంకో బ్యూరో నుంచి ఇంకోసారి చూడండి. మీరు తీసుకోని అప్పు కనబడితే ఆ బ్యూరోకూ, అప్పిచ్చిన సంస్థకూ వెంటనే రాయండి.

మెయిళ్లు డిలీట్ చేయకండి. కోపంతో మొత్తం తుడిచేసి తర్వాత బాధపడ్డవాళ్లను చూశాను. `Show original` పేజీలోనే `Download Original` అని ఉంటుంది, దాన్ని నొక్కి ఒక్కో మెయిల్‌నూ దాచుకోండి. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే నేను పైన చూపించిన వివరాలన్నీ పోతాయి. వాళ్లిచ్చిన అకౌంట్ నంబరు, ఫోన్ నంబర్లు, ఫారం, సర్టిఫికెట్ అన్నీ కలిపి `cybercrime.gov.in`లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు పోలేదు కదా ఎందుకని అనుకోకండి. ఆ అకౌంట్ నంబరు పోలీసులకు చేరితే ఇంకొకరి డబ్బు అందులో పడకుండా ఆపే వీలుంటుంది. డబ్బు కట్టేసిన వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఫిర్యాదు రాస్తూ కూర్చోకుండా ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకా ఏదో ఒక అకౌంట్లో ఉండగానే బ్యాంకులకు కబురందితే ఆగుతుంది. నగదుగా తీసేశాక రాబట్టడం చాలా కష్టం.

మీరు జవాబివ్వడం ఆపేశాక వాళ్లు ఊరుకోరు. మావాడికి వారం రోజులు ఫోన్లు వచ్చాయి. మొదట బతిమాలారు, తర్వాత "బహుమతి తీసుకోకపోతే కేసవుతుంది" అని బెదిరించారు. నెల తర్వాత ఇంకొకతను ఫోన్ చేసి "సైబర్ క్రైమ్ నుంచి మాట్లాడుతున్నాం, మిమ్మల్ని మోసం చేసిన ముఠా దొరికింది, మీకు పరిహారం వచ్చింది, 3,000 ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అన్నాడు. మావాడు ఈసారి నాకు ఫోన్ కూడా చేయలేదు. ఫీజు అన్న మాట వినగానే పెట్టేశాడు. నిజం పోలీసులు డబ్బు ఇప్పించడానికి డబ్బు అడగరు.

మీ నాన్నగారి సంగతి. ఎవరికీ చెప్పొద్దని వాళ్లు ఎందుకన్నారో మీరే చూస్తున్నారు. ఇంట్లో ఎవరో ఒకరు "మనం టికెట్ కొనలేదు కదరా" అంటే వాళ్ల పని అయిపోతుంది. ఆ రాత్రి పదిన్నరకు మావాడు నా ముందే వాళ్ల నాన్నకు ఫోన్ చేశాడు. మా తమ్ముడు ముందు గట్టిగానే అరిచాడు. తర్వాత "డబ్బు పోలేదు కదా, రేపు ఆ చేబదుళ్లు తిరిగిచ్చేయ్" అన్నాడు. మీరు కట్టక ముందే చెబుతున్నారు కాబట్టి మీ నాన్నగారికి ఈ రాత్రే చెప్పండి. ఆధార్, పాన్ కాపీలు వెళ్లాయన్నది ఆయనకు కూడా తెలిసి ఉండాలి. రేపు లోన్ పేరుతో ఎవరైనా ఇంటికి ఫోన్ చేస్తే ఎత్తేది ఆయనే కావచ్చు.